జిరాక్సుకి జిరాక్సు తీసిన టైపు కాగితంలో 3 ఏది, 8 ఏది?

ప్రశ్న: మా తాతగారి నాటి పంపకాల కేసులో 1964 ఫైనల్ డిక్రీ ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. మా చేతిలో ఉన్నది సర్టిఫైడ్ కాపీకి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు. మొత్తం కంప్యూటర్‌లో తిరిగి టైపు చేద్దామని కూర్చున్నాను. 3, 8 ఒకేలా ఉన్నాయి. e, c, o తేడా తెలియడం లేదు. మచ్చలు కూడా బాగా ఉన్నాయి. సర్వే నంబర్లు, ఎకరాలు-సెంట్లలో ఉన్న విస్తీర్ణాల దగ్గరకి వచ్చేసరికి టెన్షన్‌గా ఉంది. పొరపాటు లేకుండా ఎలా ఎక్కించాలి?

జవాబు: టైపు చేయడం కాసేపు ఆపండి. పేజీలన్నీ వరసగా పరిచి, ఒక్కో పేజీలో సిరా పోయిందా, అదనంగా చేరిందా చూడండి. ఏ అంకెని అనుమానించాలో, ఏ అంకెని నమ్మొచ్చో ముందుగా దాన్నిబట్టే తేలుతుంది.

కాగితం వెలిసినా, జిరాక్సు పలచగా తీసినా అక్షరాల్లో సన్నని భాగాలు ముందు పోతాయి. e లో అడ్డగీత పోతే c మిగులుతుంది. h పైకాడ పోతే n మిగులుతుంది. 8 ఎడమ వైపు పోతే 3 మిగులుతుంది. దీనికి పూర్తిగా ఉల్టా జరిగే పేజీలు కూడా ఉంటాయి. జిరాక్సు నల్లగా తీసినా, టైపు మిషను అచ్చుల్లో రిబ్బను పీచు, సిరా పేరుకున్నా, కార్బన్ కాపీల దొంతరలో బాగా అడుగున ఉన్న కాగితమైనా అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. అప్పుడు e, a, o మూడూ నల్లటి ముద్దలే. 3 నోరు మూసుకుపోయి 8 లా కనిపిస్తుంది.

అంటే అనుమానం ఒక్కో పేజీలో ఒక్క వైపే ఉంటుంది. పలచటి పేజీలో 3 లా కనిపించేది నిజంగా 3 కావచ్చు, ఎడమ వైపు పోయిన 8 కూడా కావచ్చు. అదే పేజీలో 8 లా నిండుగా కనిపించేది మాత్రం 8 అనే అనుకోవచ్చు, ఎందుకంటే లేని సిరా వెలిసిపోవడం వల్ల రాదు. నల్లటి పేజీలో ఇది తిరగబడుతుంది. అక్కడ 3 నోరు తెరుచుకుని ఉంటే అది 3. 8 లా ఉన్నదాన్నే అనుమానించాలి. ఇంతవరకు గమనిస్తే, ప్రతి అంకె దగ్గరా ఆగే పని తప్పుతుంది.

మీది రెండుసార్లు జిరాక్సు తీసిన కాగితం కాబట్టి ఒకే పేజీలో రెండు రకాలూ ఉండొచ్చు. పుస్తకంలా కుట్టిన ఫైలు నుంచి తీసి ఉంటే కుట్టు వైపు నల్లగా, మిగతా చోట పలచగా వస్తుంది. అనుమానం ఉన్న అంకె పక్కనే ఉన్న తెలిసిన మాట ఒకటి పట్టుకోండి. the, Plaintiff, Defendant, Schedule లాంటి మాటలు డిక్రీలో అడుగడుగునా ఉంటాయి. అంకెకి దగ్గరలో ఉన్న the లో e అడ్డగీత నిలిచిందా, పోయిందా, పూడిందా? ఆ చోట కాగితానికి ఏమైందో అదే చెబుతుంది.

ఇప్పుడు స్కానింగు. ఫోన్ ఫొటోతో వద్దు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో, కలర్‌లో తీసి, టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ ఫైలుగా దాచండి. స్కానర్‌లో నలుపు-తెలుపు మోడ్ పెట్టకండి. బూడిద రంగులో మిగిలిన సన్నగీతని ఆ మోడ్ తెలుపు కింద లెక్క కట్టి చెరిపేస్తుంది. పీడీఎఫ్ సైజు తగ్గించే సెట్టింగులతో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక విషయం బయటపెట్టాడు. కొన్ని జిరాక్స్ వర్క్‌సెంటర్ మిషన్లు స్కాన్ చేసిన కాగితంలో 6 ఉన్న చోట 8 పెడుతున్నాయి. సైజు తగ్గించడానికి వాడే జేబిగ్2 పద్ధతి, ఒకేలా కనిపించిన రెండు అంకెలకి ఒకటే బొమ్మ దాచుకుని రెండు చోట్లా దాన్నే అతికించింది. అలా వచ్చిన తప్పు మసకగా కూడా ఉండదు, చక్కగా ముద్రించినట్టే ఉంటుంది. అందుకే మీకు ఎవరైనా వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపిన చిన్న సైజు పీడీఎఫ్ ఉంటే, దాన్ని చూసి విస్తీర్ణాలు ఎక్కించకండి. చేతిలో ఉన్న కాగితాన్నే స్కాన్ చేయండి.

కలర్‌లో తీయడానికి కారణం, కోర్టు ముద్ర అక్షరాల మీద పడి ఉంటుంది. మీ జిరాక్సులో అది నల్లగానే వచ్చి ఉంటే చేసేదేమీ లేదు. కానీ బంధువుల ఇంట్లో సర్టిఫైడ్ కాపీయే దొరికి, ముద్ర నీలంగా ఉంటే, జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బొమ్మ నీలం చానెల్ ఒక్కటే చూడండి. నీలం ముద్ర చాలావరకు పలచబడి కింద నల్ల టైపు తేలుతుంది. పసుపెక్కిన కాగితానికి ఎరుపు చానెల్ మంచిది, కాగితం తెల్లబడి అక్షరం నల్లగానే ఉంటుంది.

పేజీలో ఒక పక్క చీకటి, ఒక పక్క వెలుతురు ఉంటే ఆదేశాలు టైపు చేసి నడిపే ఇమేజ్‌మాజిక్ ప్రోగ్రాంలో ఈ ఒక్క ఆదేశం బ్యాక్‌గ్రౌండ్‌ని సమం చేస్తుంది:

```
magick page.png -colorspace Gray "(" +clone -blur 0x40 ")" -compose Divide_Src -composite flat.png
```

అంతకు మించి అక్షరాలకి పదును పెంచే ఫిల్టర్లు వాడకండి. అవి మచ్చకీ గీతకీ తేడా చెరిపేస్తాయి. పైగా flat.png చదవడానికి మాత్రమే. ఏదైనా అంకె దగ్గర తగువు వస్తే అసలు స్కాన్‌లో చూసినదే లెక్క.

అసలు టైపు ప్రతి దొరికితే ఇంకో దారి కూడా ఉంది. చీకటి గదిలో టార్చిలైటుని కాగితానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెయ్యండి. రిబ్బను సిరా వెలిసినా అచ్చు కాగితాన్ని నొక్కిన గుంట మిగిలి ఉంటుంది, నీడలో కనిపిస్తుంది. జిరాక్సులో ఇది కుదరదు.

తర్వాతది నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే సాధనం, గడులు. మామూలు టైపు మిషన్లో i అక్షరానికీ, m అక్షరానికీ, చుక్కకీ, ఖాళీకీ ఒకటే వెడల్పున్న గడి పడుతుంది. పైకా సైజులో అంగుళానికి 10 అక్షరాలు, ఎలైట్‌లో 12. 600 డీపీఐలో పైకా అక్షరానికి 60 పిక్సెళ్ళు రావాలి. జిరాక్సు కొలత అచ్చంగా అంతే రాదు కాబట్టి మీ పేజీలోనే కొలుచుకోండి. బాగా కనిపించే ఒక లైను తీసుకుని, మొదటి అక్షరం గడి ఎడమ అంచు నుంచి 51వ అక్షరం గడి ఎడమ అంచు దాకా కొలిచి 50తో భాగించండి. 2,940 పిక్సెళ్ళు వస్తే గడి వెడల్పు 58.8. అంటే కాగితం 98 శాతానికి కుదించుకుపోయిందని అర్థం. జింప్‌లో పేజీ వంకర సరిచేసి, Image > Configure Grid లో ఆ వెడల్పు ఇచ్చి, View > Show Grid నొక్కితే ప్రతి అక్షరం తన గడిలో కూర్చుంటుంది. మిషను క్యారేజి అప్పుడప్పుడు జారుతుంది, జిరాక్సు కూడా పేజీని కొంచెం సాగదీస్తుంది. అందుకని గ్రిడ్‌ని లైను లైనుకీ కొద్దిగా జరుపుకోవాల్సి వస్తుంది.

దీనివల్ల ముందుగా rn, m గొడవ తీరిపోతుంది. rn కి రెండు గడులు కావాలి, m కి ఒకటే. పోయిన అక్షరాలు ఎన్నో కూడా తెలుస్తుంది. హద్దుల్లో ఒక రైతు పేరు Ven తో మొదలై మధ్యలో తుడిచిపెట్టుకుపోయి, చివర a లాంటిదేదో మిగిలిందనుకోండి. మొత్తం పది గడులుంటే Venkatayya కుదురుతుంది. ఎనిమిదే ఉంటే Venkayya కుదురుతుంది. వెంకయ్యనే Venkaiah అని రాసినా ఎనిమిది గడులే, కాబట్టి అక్కడ గడుల లెక్క చాలదు. చివరి అక్షరం a నా, h నా అన్నదే తేల్చాలి. అదీ కనబడకపోతే ఏదో ఒకటి ఎంచుకోకండి, తెలియదని రాయండి.

చుక్కలకీ మచ్చలకీ తేడా తెలియడానికి కూడా గడే ఆధారం. టైపు చేసిన చుక్క గడి మధ్యలో, అక్షరాల పాదం వరసలో ఉంటుంది. దానికి పైనో, రెండు గడుల సరిహద్దు మీదో ఉన్నది మచ్చే. ఖర్మకాలి మచ్చ సరిగ్గా చుక్క ఉండాల్సిన చోటే పడితే, ముందు పేజీ, తర్వాతి పేజీ అదే చోట చూడండి. జిరాక్సు అద్దం మీది మురికి ప్రతి పేజీలోనూ ఒకే చోట పడుతుంది. డ్రమ్ము మీద గీత ఉంటే ఒకే పేజీలో పై నుంచి కిందకి సమాన దూరంలో అదే మచ్చ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ రెంటిలో ఏదీ కాకపోతేనే అది టైపు చుక్క అని ఆలోచించండి.

ఇక అంకెలు. పోల్చడానికి కంప్యూటర్ ఫాంట్‌లో 3, 8 పెట్టుకోకండి, ఆ మిషన్ కొట్టిన 3, 8 లే కావాలి. అవి ఖచ్చితంగా ఎక్కడ దొరుకుతాయంటే, షెడ్యూలులో ఐటం నంబర్ల వరసలో. 1, 2, 3 అని వరసగా నడిచే నంబర్లలో మూడోది 3, ఎనిమిదోది 8 అని చదవకుండానే తెలుసు. 13, 18 దాకా ఉంటే ఒక్కో అంకెకి రెండేసి నమూనాలు. అదే పేజీ, అదే మిషను, అదే జిరాక్సు. వాటిని కత్తిరించి పక్కన పెట్టుకుని, అనుమానం ఉన్న అంకె ఎడమ సగాన్ని మాత్రమే పోల్చండి. 3కీ 8కీ కుడి సగం ఒకేలా ఉంటుంది, తేడా అంతా ఎడమ వైపే. ఇంకొక సంగతి, అప్పటి చాలా మిషన్లకి 1 కీ ఉండేది కాదు. టైపిస్టు చిన్న l కొట్టేవారు. సున్నాకి పెద్ద O కొట్టిన కాగితాలూ ఉంటాయి. కాబట్టి పాదం దగ్గర అడ్డుపట్టీ ఉన్న నిలువుగీత చూసి ఇది 1 కాదేమో అనుకోకండి. మీ పేజీలో ఐటం 1 ఎలా ఉందో చూస్తే తెలిసిపోతుంది.

ఒక చిన్న షెడ్యూలు తీసుకుని మొత్తం చేసి చూపిస్తాను. పేజీ పలచబడిన రకం, అనుమానం ఉన్న చోట ప్రశ్నార్థకం పెట్టాను:

```
Item   S.No.   Ac. Cts.
1      11?/1   1-?6
2      126     0-6?
3      131/2   2-15
       Total   4-?9
```

ఐటం 1, ఐటం 2 విస్తీర్ణాల్లో మసక అంకెలు రెండూ 3 లా ఉన్నాయి. పేజీ పలచటిది కాబట్టి ఒక్కోటీ 3 గానీ 8 గానీ కావచ్చు. సెంట్లలో చివరి స్థానం ముందు కూడదాం. 6కి 5 కలిపితే 11. దానికి 3 కలిపితే 14, చివర 4 రావాలి. 8 కలిపితే 19, చివర 9 రావాలి. మొత్తంలో చివరి అంకె 9 స్పష్టంగా ఉంది. కాబట్టి ఐటం 2 విస్తీర్ణం 0-68. ఒకటి పక్కకి వెళ్తుంది.

పదుల స్థానంలో 6, 1, వచ్చిన 1 కలిపి 8. ఐటం 1లో 3 ఉంటే 11 అయి మొత్తం 4-19 కావాలి. 8 ఉంటే 16 అయి మొత్తం 4-69 కావాలి. ఎకరాలు రెండు విధాలా 4 కాబట్టి అవి ఇక్కడ సాయం చేయవు. ఇప్పుడు మొత్తంలో మసకగా ఉన్న అంకె 1నా, 6నా తేలాలి. స్కాన్‌లో ఒక నిలువు గీత మాత్రం కనిపిస్తోంది. 6 వెలిసిపోయి ఎడమ వంపు మాత్రమే మిగిలి ఉంటే ఆ గీత గడికి ఎడమ వైపు ఉండేది. గ్రిడ్ పెట్టి చూస్తే గీత గడి నడిమధ్యలో ఉంది, కింద పట్టీ జాడ కూడా ఉంది. అది 1. మొత్తం 4-19, ఐటం 1 విస్తీర్ణం 1-36. చూశారుగా, ఐటం 1లో 3ని నేరుగా చూసి తేల్చలేకపోయాం. 3, 8 కన్నా 1, 6 మధ్య తేడా పట్టుకోవడం తేలిక కాబట్టి మొత్తం దగ్గర తేల్చాం.

ఈ పద్ధతి మోసం చేసే చోటు ఒకటుంది. ఒకే స్థానంలో రెండు ఐటంలు మసకగా ఉండి, ఒకటి 3, ఇంకొకటి 8 అయితే, రెండూ తారుమారు చేసినా మొత్తం అదే వస్తుంది. లెక్క సరిపోయింది కదా అని అక్కడ ధైర్యపడకూడదు. టైపిస్టో, లెక్క వేసినవారో మొత్తమే తప్పు వేసి ఉండొచ్చు కూడా. అందుకని అదే విస్తీర్ణం ఇంకోసారి టైపు అయిన చోటు వెతకండి. పంపకాల కేసులో దావా షెడ్యూలు, ప్రిలిమినరీ డిక్రీ, కమిషనరు రిపోర్టు, ఫైనల్ డిక్రీలో ఎవరి వాటాకి ఏది వచ్చిందో రాసిన జాబితా, ఇలా ఒకే భూమి పలుమార్లు కనిపిస్తుంది. అన్ని చోట్లా ఒకే అంకె ఒకేలా వెలిసిపోవడం చాలా అరుదు.

మీవి ఎకరాలు, సెంట్లు. ఇది చదివే తెలంగాణ వాళ్ళకి ఇంకా తేలిక దారి ఒకటుంది. ఎకరానికి 40 గుంటలే కాబట్టి గుంటల స్థానంలో 39 దాటి ఏ సంఖ్యా రాదు. 1-36 నా, 1-86 నా అన్న అనుమానమే అక్కడ పుట్టదు. సెంట్లలో 99 దాకా రావచ్చు కాబట్టి మీకు ఆ సౌకర్యం లేదు.

సర్వే నంబరు 113నా, 118నా అన్నది ఏ కూడికా చెప్పదు. దానికి హద్దులు చదవాలి. ఐటం 1కి తూర్పు హద్దు సర్వే నంబరు 114 అని స్పష్టంగా ఉండి, ఊరి పటంలో 114 పక్కన 113 ఉండి 118 లేకపోతే, 113కి బలం వస్తుంది. రెవెన్యూ రికార్డులైన ఆర్.ఎస్.ఆర్., పాత అడంగల్ చూస్తే ఆ నంబరు మొత్తం విస్తీర్ణం ఎంతో తెలుస్తుంది. 118/1 విస్తీర్ణం ఎకరం కూడా లేకపోతే అందులో 1-36 ఎలా పడుతుంది? ఇలాంటి విషయాలు బాగా ఉపయోగపడతాయి. కానీ ఇవి డిక్రీకి బయటివి. సబ్‌డివిజన్లు తర్వాత మారి ఉండొచ్చు, డిక్రీలోనే తప్పు నంబరు పడి ఉండొచ్చు. అందుకే అడంగల్ చూసి డిక్రీ ప్రతిలో నంబరు దిద్దొద్దు. ప్రతిలో 11[3/8]/1 అని పెట్టి, పక్క నోటులో 'తూర్పు హద్దు, గ్రామ పటం ప్రకారం 113 కావచ్చు' అని రాయండి.

ప్రతి ఎక్కించేటప్పుడు లైనుకి లైను, పేజీకి పేజీ అసలులో ఉన్నట్టే ఉంచండి. పారాలుగా కలిపేస్తే తర్వాత సరిచూడటం నరకం. టైపిస్టు చేసిన స్పెల్లింగు తప్పులు అలాగే ఉంచండి. కనిపించినది మామూలుగా, రెండు రకాలుగా చదవగలిగినది [3/8] లా, అసలు కనిపించనిది గడుల లెక్కతో [4 అక్షరాలు లేవు] లా రాయండి. ఈ మూడు గుర్తులు చాలు. కూడిక వల్ల తేల్చిన అంకె ఉంటే దానికీ నోటు పెట్టండి, అది చూసి చదివింది కాదు కాబట్టి. కార్బన్ కాపీ ఇంకొకటి దొరికి, ఒక మాట దగ్గర రెండూ తేడాగా ఉంటే మీ చదువుడులోనే తప్పుందని వెంటనే అనుకోకండి. టైపిస్టు పై కాగితం మీద రబ్బరుతో దిద్ది, కింది కార్బన్ కాపీ దిద్దకుండా వదిలేసి ఉండొచ్చు. రెండూ రాసిపెట్టండి.

సరిచూడటానికి ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. మీరు టైపు చేసినది వాళ్ళు గట్టిగా చదవాలి, మీరు స్కాన్ చూడాలి. విస్తీర్ణాలు, నంబర్లు 'ఒకటి, గీత, మూడు, ఆరు' అని అంకె అంకె విడిగా చదవాలి. 'ఎకరా ముప్పై ఆరు' అని కలిపి చదివితే మనసు దానంతటదే సర్దేసుకుంటుంది. షెడ్యూలు మాత్రం ఇంకోసారి కింది ఐటం నుంచి పైకి చదవండి.

ఎవరైనా తెలుగు టైపు కాగితంతో వస్తే గడుల లెక్క అలాగే వాడకండి. తెలుగులో ఒక అక్షరానికి గుణింతం, ఒత్తు కలిపి రెండు మూడు కీలు పడతాయి కాబట్టి గడికో అక్షరం కుదరదు. అక్కడ ముందు పోయేవి చుక్కలు, చిన్న గీతలు. ఠ లో చుక్క పోతే ర, ధ కింది గీత పోతే ద. సిరా పోయిందా, చేరిందా అన్న ప్రశ్న మాత్రం అక్కడా పనికొస్తుంది.

చివరగా, మీరు తయారు చేసేది మీరు చదువుకోవడానికి, వకీలుగారికి చూపించడానికి. దాన్ని కోర్టులోనో, తహసీల్దారు ఆఫీసులోనో డిక్రీ కింద ఇవ్వలేరు. కాబట్టి [ ] గుర్తులు మిగిలిన చోట్లన్నీ ఒక కాగితం మీద పేజీ, లైను నంబర్లతో జాబితా రాసుకుని, ఆ కేసు నంబరు మీద డిక్రీకి కొత్త సర్టిఫైడ్ కాపీ కోసం కోర్టులో కాపీ అప్లికేషన్ వేయించండి. కాపీ చేతికి రాగానే ఆ జాబితాలో ఉన్న చోట్లే ముందు చూడండి. కొత్త కాపీ తిరిగి టైపు చేసి ఇచ్చినదైతే, మసక అంకెలు అక్కడ మరొకరు చదివినవి అవుతాయి. రికార్డు నుంచి నేరుగా జిరాక్సు తీసి ఇవ్వమని అడగండి.